తెగిన జీవిత రేఖ, దాని చుట్టూ చతురస్రం: ఎవరి మాట నమ్మాలి?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. కుడిచేతిలో జీవిత రేఖ సగం దాటాక తెగింది. పై ముక్క ఆగకముందే కింది ముక్క దాని పక్కన, అరచేతి మధ్య వైపు మొదలవుతుంది. ఎడమచేతిలో తెగలేదు. మొదట చూసినాయన 36వ ఏట ప్రాణగండం అన్నారు. రెండో ఆయన తెగినచోట చతురస్రం ఉంది కాబట్టి ఏమీ కాదన్నారు. బుద్ధి రేఖ మీద మధ్యవేలి కింద ద్వీపం ఉందని, అది తలకు సంబంధించిన జబ్బని ఇద్దరూ చెప్పారు. చూపుడువేలి కింద ఉన్న గుర్తు ఒకరికి నక్షత్రం, ఇంకొకరికి క్రాస్. నాకు వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చింది. 36 దాటేదాకా కదలొద్దని అమ్మ పట్టుబడుతోంది. మొదటాయన చెప్పిన పరిహారానికి అప్పు చేసైనా డబ్బు కడతానంటోంది. మూడు నెలలుగా నాకు తలనొప్పులు కూడా వస్తున్నాయి. ఇవి ద్వీపం వల్లేనా? ఎవరి మాట నమ్మాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు తలనొప్పి సంగతి. దానికోసం ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చూపు మారి ఉండొచ్చు, రక్తపోటు కావచ్చు, నిద్ర లేకపోవడం కావచ్చు, ఈ భయమే కావచ్చు. ఏదైనా సరే, పరీక్ష చేస్తే తెలిసేది అది. అరచేతిలో ద్వీపం ఉన్నా లేకపోయినా మూడు నెలల తలనొప్పిని చూపించుకోవాల్సిందే. ఉన్నట్టుండి తీవ్రంగా వచ్చినా, చూపు మసకబారినా, చేయో కాలో తిమ్మిరెక్కినా, మాట తడబడినా ఆ వారం కూడా ఆగకండి, వెంటనే వెళ్లండి.

ఇక రేఖల విషయం. మీ చేతి గురించి ఇద్దరూ చెప్పినదాన్ని హస్తసాముద్రికం సొంత నియమాలతోనే పరీక్షించి చూద్దాం. ఆ శాస్త్రాన్ని మీరు ఎంతవరకు నమ్ముతారన్నది తర్వాతి మాట. దాన్ని పూర్తిగా నమ్మేవాళ్ల లెక్క ప్రకారం చూసినా, మొదటాయన మాట నిలవదు. రెండో ఆయన మాట కూడా సగమే నిలుస్తుంది.

హస్తసాముద్రికంలో గుర్తుకు విడిగా ఫలితం ఉండదు. అది ఏ రేఖ మీద, ఆ రేఖలో ఏ భాగంలో, ఏ చేతిలో ఉంది, దాని తర్వాత రేఖ ఎలా సాగింది అన్నవన్నీ కలిపితేనే ఒక మాట చెప్పడానికి వీలవుతుంది. దీనికి మంచి ఉదాహరణ మీరు భయపడుతున్న ద్వీపమే. రేఖ రెండుగా చీలి మళ్లీ కలిస్తే మధ్యలో గింజలాంటి ఆకారం ఏర్పడుతుంది. అదే ఆకారం బొటనవేలి కణుపు దగ్గర ఉంటే మన సాముద్రికులు దాన్ని యవ అంటారు, సంపదకు, సుఖానికి గుర్తని సంబరంగా చెబుతారు. బుద్ధి రేఖ మీద ఉంటే బలహీనత అంటారు. ఆకారం ఒకటే, చోటు మారింది.

తెగిన రేఖను చదవడంలో చూడాల్సిన మొదటి సంగతి, రెండు ముక్కల మధ్య ఏముందన్నది. పై ముక్క ఒకచోట ఆగిపోయి, కొంత ఖాళీ వదిలి, అదే దారిలో కింది ముక్క మొదలైతే అది నిజమైన తెగుదల. పై ముక్క చివర కొక్కెంలా బొటనవేలి కింద ఉన్న శుక్రస్థానం వైపు వెనక్కి తిరిగితే, దాన్ని ఇంకా గట్టి హెచ్చరికగా చెబుతారు. మీ చేతిలో ఉన్నది ఈ రెండూ కాదు. పై ముక్క ఆగకముందే కింది ముక్క పక్కన మొదలై, రెండూ కొంతదూరం కలిసి నడిచాయి. ఇలా ఒకదాని మీదికి ఒకటి వచ్చిన తెగుదలను ప్రాణానికి ముడిపెట్టరు. బతుకు తీరులో మార్పుగా చదువుతారు. ఉండే చోటు మారడం, వృత్తి మారడం, కుటుంబంలో స్థానం మారడం లాంటివి. కొత్త ముక్క బొటనవేలి వైపు మొదలైతే బతుకు కొంత కుంచించుకుంటుందని, అరచేతి మధ్య వైపు మొదలైతే విశాలమవుతుందని చెబుతారు. మీది రెండో రకం.

రెండో సంగతి ఎడమచేయి. జీవిత రేఖ తెగుదలను ఎప్పుడూ రెండు చేతుల్లోనూ చూడాలన్నది అందరూ ఒప్పుకునే నియమం. రెండింటిలోనూ ఒకేచోట తెగితేనే పాత పుస్తకాలు ప్రాణభయం మాట ఎత్తుతాయి. ఒక చేతిలోనే తెగితే ఎక్కువలో ఎక్కువ ఒక జబ్బో, గట్టి దెబ్బో వచ్చి తేరుకోవడమని చెబుతాయి. మీ ఎడమచేతిలో రేఖ నిండుగా ఉంది. అది చూడకుండానో, చూసినా పట్టించుకోకుండానో ప్రాణగండం అన్నారంటే, ఆయన తన శాస్త్రంలోని మొదటి మెట్టే దాటేశారు.

ఇక్కడ ఒక ప్రలోభం ఉంది, జాగ్రత్త. 'చోటు మారే గుర్తు, అదీ విశాలమయ్యే వైపు' అన్నది వినగానే ఉద్యోగానికి వెళ్లమని చెయ్యే చెబుతోందని అనిపిస్తుంది. దాన్ని కూడా ఆధారంగా పట్టుకోకండి. భయపెట్టిన గుర్తును నమ్మనప్పుడు, ఊరించే గుర్తును నమ్మడానికీ కారణం ఉండదు.

చతురస్రం గురించి రెండో ఆయన చెప్పినదానిలో నిజం ఉంది. హస్తసాముద్రికంలో చతురస్రం రక్షణ గుర్తు. తెగినచోటు దాని లోపల ఉంటే, గండం వచ్చినా గట్టెక్కుతారని అర్థం చెబుతారు. గండమే రాదని కాదు. అందుకే 'ఏమీ కాదు' అన్న మాట ఆ శాస్త్రం ఇచ్చే హామీకంటే పెద్దది. పైగా చతురస్రం అని చూపిన ప్రతిదీ చతురస్రం కాదు. నాలుగు చిన్న గీతలు వాటంతట అవి కలిసి, తెగినచోటును పూర్తిగా లోపల ఉంచుకోవాలి. జీవిత రేఖ రెండు ముక్కలే రెండు పక్కలుగా, ఏవో రెండు అడ్డగీతలు వాటిని కలుపుతూ కనిపిస్తే, దాన్ని చతురస్రంగా ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. మీది పక్కపక్కన నడిచే తెగుదల కాబట్టి మీకు కనిపిస్తున్నది ఇదే కావచ్చు. ఇంకో రకం కూడా ఉంది. తెగుదలను చుట్టకుండా రేఖను పక్కనుంచి తాకే చతురస్రాన్ని రక్షణ అనరు. ఏకాంతం, నిర్బంధం అని చదువుతారు. మీది ఏదో తేల్చడానికి కంటిచూపు చాలదు, అచ్చు తీసుకోవాలి.

అది ఇంట్లోనే చేయొచ్చు. సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోండి. జిడ్డున్నా తడున్నా సిరా పట్టదు. స్టాంపు ప్యాడ్‌ను అరచేతి మీద మెల్లగా అద్దుతూ పలచని పూత వేయండి. సిరా ఎక్కువైతే సన్నగీతలు పూడిపోతాయి. బల్ల మీద నాలుగు మడతలు వేసిన మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద తెల్లకాగితం పెట్టి, చేతిని వేళ్లు సడలించి ఆనించండి. ఆ గుడ్డ చాలా ముఖ్యం. అరచేతి మధ్య గుంటగా ఉంటుంది కాబట్టి గట్టి బల్ల మీద అచ్చు తీస్తే ఆ భాగం కాగితానికి తగలదు, అక్కడ రేఖలు తెగినట్టు తెల్లగా వస్తాయి. తెగిన రేఖలని జనం బెదిరిపోయేవాటిలో ఇలా అచ్చులో పుట్టినవి చాలా ఉంటాయి. ఒక్కో చేతికి మూడు అచ్చులు తీసి, మూడింటిలోనూ ఒకేలా వచ్చిన గుర్తునే లెక్కలోకి తీసుకోండి.

ఫోన్లో ఫొటో తీస్తే వెనక కెమెరాతో, కిటికీ దగ్గర, వెలుగు పక్కనుంచి పడేలా తీయండి. ఫ్లాష్ ఎదురుగా పడితే సన్నగీతలు మాయమవుతాయి. చర్మాన్ని నునుపు చేసే ఫిల్టర్లు ద్వీపాలను చెరిపేసి, రేఖలను తెంపేస్తాయి. ముందు కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లలో బొమ్మ అద్దంలోలా తిరగబడి, కుడి ఎడమలు తారుమారవుతాయి. మీరు ఎవరికైనా ఫొటో పంపి చూపించుకుని ఉంటే, ఏ చెయ్యి పంపారో మరోసారి సరిచూసుకోండి.

తెగినచోటును భూతద్దంతో కూడా చూడండి. వేలిముద్రల్లో ఉన్నట్టే అరచేయంతా చర్మం మీద సన్నటి ఉబ్బు గీతలు వరసగా ఉంటాయి. రేఖ సహజంగా తెగితే ఆ వరసలు తెగినచోటు మీదుగా కదలకుండా సాగుతాయి. ఎప్పుడో కత్తి గాటు లోతుగా దిగి మానిన చోటైతే, వరసలు విరిగి, మధ్యలో నున్నటి మచ్చలా ఉంటుంది. మచ్చ వల్ల విరిగిన రేఖను హస్తసాముద్రికులు కూడా తెగిన రేఖగా చదవకూడదు.

ఇప్పుడు ఆ 36 ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం, ఎందుకంటే మీ అమ్మగారి భయమంతా ఆ అంకె చుట్టూనే ఉంది. జీవిత రేఖ మీద వయసు కట్టడానికి ఒకే కొలత లేదు. రేఖను ఏడేసి ఏళ్ల భాగాలుగా పంచేవాళ్లున్నారు. చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమనుంచి నిలువుగా గీత దించి, అది తగిలినచోటును 20 ఏళ్లుగా పట్టి మిగతాది లెక్కవేసేవాళ్లున్నారు. రేఖ మొత్తాన్ని 70 ఏళ్లుగా తీసుకుని, సగానికి 35 అనేవాళ్లున్నారు. ఒకే చేతికి ఈ పద్ధతులు వేరువేరు వయసులు ఇస్తాయి.

ఒక దారం తీసుకుని మీ రేఖ వంపు వెంట పెట్టి, పొడవు కొలవండి. 9 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. దాన్ని 75 ఏళ్లకు పంచితే ఏడాదికి వచ్చేది 1.2 మిల్లీమీటర్లు. రేఖ మందమే ఇంచుమించు అంత ఉండొచ్చు. మీ రెండు ముక్కలు పక్కపక్కన నడిచిన భాగం 5 మిల్లీమీటర్లు ఉంటే, అది ఒక్కటే నాలుగేళ్లకు పైగా విస్తరిస్తుంది. రేఖ మొదలు ఎక్కడ అన్నదానిలో 2 మిల్లీమీటర్ల తేడా వస్తే, ఇంకో ఏడాదిన్నర జరుగుతుంది. ఇంత మసక కొలతలోంచి '36వ ఏట' అని కచ్చితంగా తీయడం ఏ పద్ధతిలోనూ కుదరదు. అనుభవం ఉన్నవాళ్లు అందుకే 'నడివయసుకు ముందు' అనో 'ముప్ఫైల్లో' అనో చెప్పి ఊరుకుంటారు. మొదటాయనను 'ఏ కొలత వాడారు, మొదలు ఎక్కడ పెట్టారు?' అని అమ్మగారి ముందే అడగండి. జవాబు రాకపోయినా, వచ్చి మరో పద్ధతిలో వేరే అంకె తేలినా, ఆ 36కి ఉన్న పట్టు సడలుతుంది.

ద్వీపం విషయంలో ఇద్దరూ ఒకేమాట చెప్పారు కదా అని అదే నిజమనుకోకండి. ఇద్దరూ చదివింది ఒకే రకం పాఠం కావచ్చు. మీరు చూడాల్సింది, అది మూసుకున్నదా లేదా అని. రేఖ చీలి మళ్లీ కలవకపోతే అది శాఖ, ద్వీపం కాదు. బుద్ధి రేఖ చివర శాఖ ఉంటే రెండు వైపులా ఆలోచించగల తెలివని మెచ్చుకుంటారు కూడా. నిజంగా మూసుకున్న ద్వీపమే అయితే, రేఖలో నడిచే శక్తి అంతమేరకు రెండుగా చీలి పలచబడిందని వాళ్ల భావన. మధ్యవేలి కింద అంటే శనిస్థానం కింద కాబట్టి దిగులు, తలభారం, మనసు కుదరకపోవడం అని చెబుతారు. ఆ ప్రభావం ద్వీపం పొడవున్నంత కాలానికే. ద్వీపం దాటాక రేఖ లోతుగా, స్పష్టంగా సాగితే కోలుకున్నట్టు. మీరు ఉత్తరంలో ద్వీపం తర్వాతి రేఖ గురించి ఏమీ రాయలేదు, బహుశా వాళ్లూ చెప్పలేదు. ద్వీపం పఠనంలో సగం అక్కడే ఉంటుంది.

చూపుడువేలి కింది గుర్తు మీద వాదన అక్కర్లేదు. రెండు గీతలు దాటుకుంటే క్రాస్, మూడో అంతకన్నా ఎక్కువో ఒకే బిందువు దగ్గర కలిస్తే నక్షత్రం. చూపుడువేలి కింద అంటే గురుస్థానం కాబట్టి మొదటిది అన్యోన్యమైన దాంపత్యమని, రెండోది గౌరవం, పదవి అని చెబుతారు. రెండూ శుభమే. ఒక్కటి మాత్రం చూసుకోండి. బొటనవేలు తప్ప మిగతా వేళ్ల కింద సాధారణంగా చర్మపు ఉబ్బు గీతలు మూడు వైపులనుంచి వచ్చి కలిసే చిన్న ముక్కోణం ఉంటుంది, స్థానం నడిమి అదే. మీ గుర్తు చూపుడువేలి ముక్కోణానికి దగ్గరగా ఉందా, జరిగి మధ్యవేలి వైపు వెళ్లిందా అన్నది చూడాలి. శనిస్థానంలోకి వెళితే అదే గుర్తును చెడుగా చదివేస్తారు. కొన్ని మిల్లీమీటర్ల జరుగుబాటుతో ఫలితం శుభంనుంచి అశుభానికి తిరిగిపోతుందంటే, అలాంటిదాని మీద జీవితంలోని పెద్ద నిర్ణయాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో మీకే తెలుస్తుంది.

నా అభిప్రాయం దాచను. అరచేతిలోని పెద్ద రేఖలు చెయ్యి ముడుచుకునే చోట చర్మం పడే మడతలు. తల్లి కడుపులో మొదటి నెలల్లోనే అవి ఏర్పడటం మొదలవుతుంది. ఆ మడత ఒకచోట తెగి పక్కనుంచి సాగడానికీ, ముప్ఫై ఆరేళ్ల తర్వాత జరిగే ప్రమాదానికీ లంకె ఉందని చూపే ఆధారం లేదు. చేతిని చదవడంలో ఆసక్తి ఉండటం తప్పు కాదు. అది చూసి ప్రాణానికి గడువు పెట్టడం మాత్రం తప్పు, ఎవరు పెట్టినా సరే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఉద్యోగంలో చేరడం ఒకటి. అమ్మగారు కొంతకాలం భయపడతారు, చిన్న జ్వరం వచ్చినా రేఖనే తలుచుకుంటారు. రోజూ మాట్లాడటం, మొదటి నెలల్లో ఆవిడను మీ దగ్గరికి తెచ్చుకోవడం లాంటి ఏర్పాట్లు ముందే చేసుకోవాలి. 36 దాటేదాకా ఆగడం రెండోది. అంటే ఐదేళ్లు. ఈ ఉద్యోగం అప్పటిదాకా ఉండదు. అదీకాక, ఆగినందువల్లే బతికానన్న నమ్మకం బలపడుతుంది, తర్వాతి గుర్తుకు మరో అంకె వస్తుంది. నడిమి దారి కూడా ఉంది. చేరే తేదీని కొన్ని వారాలు వెనక్కి జరపగలరేమో అడిగి, ఆలోగా డాక్టర్ పరీక్షలు పూర్తిచేసుకుని, ఫలితాలు అమ్మగారికి చూపించడం. ఆవిడకు మీ ఆరోగ్యం మీదే బెంగ కాబట్టి, రేఖల మీద వాదనకంటే ఆ కాగితాలు ఎక్కువ పనిచేయొచ్చు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఒప్పుకోకపోతే ఈ దారి మూసుకుపోతుంది, అందుకని ముందు అదే కనుక్కోండి.

పరిహారం మాటకొస్తే, అప్పు మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. డబ్బు కట్టినందువల్ల తెగిన రేఖ కలవదు. కాబట్టి పరిహారం పనిచేసిందో లేదో తేల్చే కొలత అంటూ ఉండదు, మళ్లీ అడిగితే కాదనడానికి ఆధారమూ ఉండదు. అమ్మగారి మనశ్శాంతికి ఏదో ఒకటి చేయాలనిపిస్తే, ఆవిడకు నమ్మకమున్న ప్రార్థనో పూజో ఇంట్లోనే, మీరిద్దరూ కలిసి చేయండి. దానికి మధ్యవర్తి అక్కర్లేదు.

మూడోవాళ్లకు చూపించుకోవాలనుకుంటే అడ్డు చెప్పను, కానీ పాత ఇద్దరి మాటలు ముందే చెప్పకండి. రెండు చేతుల అచ్చులూ ఇచ్చి, తెగుదల ఏ రకమో, చతురస్రం నాలుగు పక్కలు ఏవో, ద్వీపం తర్వాత రేఖ ఎలా ఉందో కాగితం మీద రాసివ్వమనండి. వయసు చెబితే కొలత కూడా రాయమనండి. చావు తేదీ చెప్పినా, రత్నమో హోమమో అమ్మజూపినా అక్కడితో లేచి వచ్చేయండి. ఆ అచ్చుల మీద తేదీ వేసి దాచుకోండి, ఏడాది తర్వాత అదే పద్ధతిలో మళ్లీ తీయండి. చిన్న గీతలతో ఏర్పడే క్రాసులు, నక్షత్రాలు, చతురస్రాలు చర్మం పొడిబారినా, చేతిపని మారినా మసకబారడం, కొత్తవి పుట్టడం మామూలే. ఆ మార్పు అమ్మగారు తన కళ్లతో చూడటం మంచిది.